డిగ్రీ పూర్తయిన తేదీలో తేడా ఉందని వెరిఫికేషన్‌లో తేలితే హెచ్‌ఆర్‌కి జవాబు ఎలా రాయాలి?

ఆరేళ్లపాటు ఒక వెరిఫికేషన్ ఏజెన్సీలో చదువుల చెక్‌లు, అంటే ఉద్యోగంలో చేరేవాళ్లు చెప్పిన చదువు వివరాలు సరిచూసే పని చేశాను. ఆ ఉద్యోగం మానేసినా ఫోన్లు మాత్రం ఆగలేదు. చుట్టాల పిల్లలు, వాళ్ల ఫ్రెండ్స్, ఆ ఫ్రెండ్స్ రూమ్మేట్స్. అందరిదీ ఒకటే ప్రశ్న: "అన్నా, డిగ్రీ డేట్ మిస్‌మ్యాచ్ అని మెయిల్ వచ్చింది. రెండు రోజుల్లో క్లారిఫికేషన్ ఇమ్మంటున్నారు. ఆఫర్ పోతుందా?"

పోతుందో లేదో ఏజెన్సీ చేతిలో ఉండదు, కంపెనీ చేతిలో ఉంటుంది. అయితే మీ జవాబు ఎక్కడికి వెళ్తుందో తెలిస్తే ఎలా రాయాలో సగం తెలిసినట్టే. ఏజెన్సీ రిపోర్టులో చదువు పేజీకి రెండు ముఖ్యమైన గడులుంటాయి. ఒకదాంట్లో మీరు చెప్పింది, రెండోదాంట్లో యూనివర్సిటీ చెప్పింది. రెండూ కలవకపోతే పక్కనున్న రిమార్కుల గడిలో ఏదో ఒకటి రాయాలి. మీ జవాబులో పనికొచ్చే ముక్క ఆ గడిలోకి వెళ్తుంది. అక్కడ ఉన్నదున్నట్టు అతికించగలిగే నాలుగు వాక్యాలు మీరే రాసిస్తే అవతలివాళ్ల పని తేలికవుతుంది. రెండు పేజీల కథ రాస్తే అందులోంచి వాళ్లకు తోచిన వాక్యాన్ని ఏరుకుంటారు. అది మీకు నచ్చే వాక్యమే అవుతుందన్న గ్యారంటీ లేదు.

ముందు దగ్గర పెట్టుకోవలసినవి

- హెచ్‌ఆర్ పంపిన మెయిల్
- మీరు నింపిన వెరిఫికేషన్ ఫారం కాపీ, ఆ కంపెనీకి పంపిన రెజ్యూమే (ఇప్పుడు మీ ఫోన్‌లో ఉన్న కొత్తది కాదు, అప్పుడు పంపినదే)
- ప్రొవిజనల్ సర్టిఫికెట్, అంటే పీసీ
- కన్సాలిడేటెడ్ మార్క్స్ మెమో
- సప్లీ రాసి ఉంటే ఆ మెమో
- ఒరిజినల్ డిగ్రీ వచ్చి ఉంటే అది
- ఆఫర్ లెటర్

పీసీ ఇంట్లో దొరక్కపోతే డిజిలాకర్‌లో చూడండి. యూనివర్సిటీ అప్‌లోడ్ చేసి ఉంటేనే కనిపిస్తుంది. పాత బ్యాచ్‌లవి చాలావరకు ఉండవు కాబట్టి దాని మీదే ఆశ పెట్టుకోవద్దు.

1. మెయిల్‌లో ఏం అడిగారో మళ్లీ చదవండి

రెండు మాటలు ఒకేలా భయపెడతాయి గానీ రెండూ ఒకటి కాదు. 'ఇన్‌సఫిషియెన్సీ' అంటే ఏదో కాగితం తక్కువైందని అర్థం. అది పంపితే సరిపోతుంది, సంజాయిషీ అక్కర్లేదు. 'డిస్క్రిపెన్సీ' అంటే మీరు చెప్పినదానికీ దొరికినదానికీ తేడా వచ్చిందని. దీనికే జవాబు రాయాలి.

ఏ తేదీకీ ఏ తేదీకీ తేడా వచ్చిందో మెయిల్‌లో లేకపోతే ఊహించి రాయకండి. "మెయిల్ అందింది. ఫారంలోని ఏ తేదీ, యూనివర్సిటీ చెప్పిన ఏ తేదీతో కలవలేదో తెలియజేస్తే పత్రాలతో సహా జవాబు ఇస్తాను" అని ఒక చిన్న మెయిల్ పెట్టండి. గడువు దాటకుండా ఉండటానికి కూడా ఇది పనికొస్తుంది. ఒకబ్బాయి ఊహించుకుని బీటెక్ సప్లీల చరిత్రంతా రాసి పంపాడు. తీరా చూస్తే వాళ్లు అడిగింది ఇంటర్ పాసైన సంవత్సరం గురించి.

2. మీ డిగ్రీకున్న తేదీలన్నీ ఒక కాగితం మీద రాయండి

గొడవంతా ఇక్కడే. 'డిగ్రీ ఎప్పుడు పూర్తయింది' అంటే మనం ఒక తేదీ అనుకుంటాం. కాగితాల మీద కనీసం నాలుగు ఉంటాయి. ఒక అమ్మాయి విషయం చెబుతాను, పేరు అవసరం లేదు. జేఎన్‌టీయూకి అనుబంధంగా ఉన్న కాలేజీలో బీటెక్, 2014-18 బ్యాచ్. 3-1లో ఒక సబ్జెక్టు ఉండిపోయింది. ఆమెతో రాయించిన కాగితం ఇలా ఉంది:

- చివరి సెమిస్టర్ పరీక్షలు, అంటే 4-2: ఏప్రిల్ 2018
- మిగిలిన సబ్జెక్టు సప్లీ రాసింది: నవంబరు 2018
- ఆ రిజల్ట్ వచ్చింది: జనవరి 2019
- పీసీ మీద ఇచ్చిన తేదీ: ఫిబ్రవరి 2019
- ఒరిజినల్ డిగ్రీ మీద తేదీ: 2020

ఫారంలో ఆమె రాసింది మే 2018. యూనివర్సిటీ ఎగ్జామినేషన్ బ్రాంచ్ ఏజెన్సీకి చెప్పింది నవంబరు 2018.

ఇందులో యూనివర్సిటీ లెక్క ఏదో గమనించండి. రిజల్ట్ వచ్చిన నెల కాదు, పీసీ చేతికొచ్చిన నెల కాదు, స్నాతకోత్సవం జరిగిన ఏడాది అసలే కాదు. చివరగా మిగిలిన సబ్జెక్టు ఏ నెల పరీక్షలో పాసయ్యారో ఆ నెలే. పీసీలో "ఫలానా నెలలో జరిగిన పరీక్షలో ఉత్తీర్ణులయ్యారు" అనే వాక్యం ఉంటుంది. దాని కింద పెన్సిల్‌తో గీత గీయండి. మీ జవాబు ఆ వాక్యం మీదే నిలబడాలి.

చాలామంది పీసీ అడుగున సంతకం దగ్గరున్న తేదీని చూసి అదే పాసైన తేదీ అనుకుంటారు. అలా అనుకుని జవాబు రాస్తే తేడా తీరకపోగా మూడో తేదీ ఒకటి పుట్టుకొస్తుంది. ఏజెన్సీలో నేను చూసిన పొరపాట్లలో ఎక్కువసార్లు కనిపించింది ఇదే.

అటానమస్ కాలేజీలో చదివినవాళ్లకు ఇంకో సంగతి. పరీక్షలు పెట్టేది, మెమోలు ఇచ్చేది కాలేజీ. డిగ్రీ ఇచ్చేది యూనివర్సిటీ. నెల విషయంలో తేడా ఉంటే ముందు కాలేజీ ఎగ్జామ్ బ్రాంచ్‌లోనే అడగాలి. మామూలు అనుబంధ కాలేజీ అయితే ప్రిన్సిపాల్ ఇచ్చే లెటర్‌కి ఈ విషయంలో పెద్దగా విలువ ఉండదు. ఏజెన్సీ నమ్మేది యూనివర్సిటీ మాటనే.

3. తేడా ఎందుకు వచ్చిందో ఒక్క వాక్యంలో చెప్పగలరా?

నేను చూసినవాటిలో ఎక్కువ భాగం ఈ కింది రకాలే.

క్లాసులు అయిపోయిన నెలను పూర్తయిన నెలగా రాయడం. ఆ అమ్మాయి చేసింది ఇదే. బ్యాచ్ అంతా మేలో బయటికొచ్చింది కాబట్టి మే అని రాసేసింది.

ఫారం చేసిన పని. కొన్ని పోర్టళ్లు నెల, సంవత్సరం చాలు అనవు, రోజు కూడా కావాలంటాయి. దాంతో ఒకటో తారీఖు పెట్టేస్తాం. ఇంకొన్ని మన రెజ్యూమే చదివి తామే నింపేస్తాయి. అమెరికా క్లయింట్ల ఫారాల్లో నెల ముందు, రోజు తర్వాత వస్తాయి. 05/11/2018 అని మీరు నవంబరు 5 అనుకుని రాస్తే వాళ్లు మే 11 అని చదువుతారు. మీది ఈ రకమైతే అదృష్టమే, ఫారం స్క్రీన్‌షాట్ ఒక్కటి జతచేస్తే చాలు.

తెలిసే రాయడం. సప్లీ సంగతి బయటపడకూడదని మే అని రాశారనుకోండి. అప్పుడు "పొరపాటున" అనే మాట రాయకండి. కారణం జోలికి పోకుండా "ఫారంలో నేను ఇచ్చిన నెల సరైనది కాదు. సరైనది నవంబరు 2018" అని ఒప్పుకోండి. అబద్ధాన్ని కప్పడానికి ఇంకో అబద్ధం రాస్తే, తేదీ తేడాగా ఉన్నది తప్పుడు సమాచారం అనే ఇంకా పెద్ద గడిలోకి వెళ్తుంది. ఫోన్ చేసి నిలదీస్తే ఏం చెబుతారో ముందే అనుకోండి. అక్కడ చెప్పలేనిది ఇక్కడ రాయొద్దు.

4. ఈ తేదీ మారితే ఇంకేం కదులుతుందో చూడండి

జవాబు రాసేముందు దీనికి పది నిమిషాలు పెట్టండి. రెండు చోట్ల చూడాలి.

మొదటిది, మొదటి ఉద్యోగంలో చేరిన తేదీ. ఆ అమ్మాయి చేరింది మార్చి 2019లో కాబట్టి ఇబ్బంది లేదు. అదే ఆగస్టు 2018లో చేరి ఉంటే, డిగ్రీ పాసవకముందే ఉద్యోగం చేసినట్టు రిపోర్టులో కనిపిస్తుంది. అది తప్పేమీ కాదు. సప్లీ ఉన్నా ట్రైనీలుగా తీసుకున్న కంపెనీలు ఉన్నాయి. కానీ అడగకముందే ఒక వాక్యం రాస్తే మంచిది: "ఆగస్టు 2018లో చేరేనాటికి నాకు ఒక సబ్జెక్టు మిగిలి ఉంది, ఆ సంగతి అప్పటి కంపెనీకి చెప్పాను." నిజంగా చెప్పి ఉంటేనే రాయండి. చెప్పకపోతే మొదటి సగం మాత్రమే రాయండి. చేరిన తేదీని అటూ ఇటూ జరపాలన్న ఆలోచన మాత్రం వద్దు. పీఎఫ్ సర్వీస్ హిస్టరీలో అది నెల, రోజుతో సహా ఉంటుంది.

రెండోది, బ్యాక్‌లాగ్స్ గురించి అడిగిన ప్రశ్న. దరఖాస్తులో "ప్రస్తుతం బ్యాక్‌లాగ్స్ ఉన్నాయా" అని అడిగితే, అప్పటికి పాసైపోయారు కాబట్టి "లేవు" అన్నది సరైన జవాబే. "ఎప్పుడైనా ఉన్నాయా" అని అడిగినదానికి "లేవు" అని ఉంటే, మీది తేదీ సమస్య మాత్రమే కాదు. దాన్ని కూడా ఇదే జవాబులో సరిచేయండి. తేదీ ఒక్కటే సరిచేసి ఊరుకుంటే, ఆ నవంబరు 2018 అనే మాటే మిగతాది బయటపెడుతుంది. మే బ్యాచ్‌కి నవంబరు అంటే ఏమిటో హెచ్‌ఆర్‌లో ఉన్నవాళ్లకు తెలుసు, వాళ్లలో సగంమంది ఇలాంటి కాలేజీల్లో చదివినవాళ్లే.

5. జవాబు రాయండి

ఆ అమ్మాయి నాకు చూపించిన మొదటి డ్రాఫ్ట్ పేజీన్నర ఉంది. 3-1 పరీక్షలప్పుడు డెంగ్యూ వచ్చింది, రీవాల్యుయేషన్ పెట్టినా మార్కులు కలవలేదు, ఆ పేపరు ఆ ఏడాది చాలామందికి పోయింది, ఇంట్లో పరిస్థితులు, చివర్లో "దయచేసి నా కెరీర్ గురించి ఆలోచించండి". అన్నీ నిజాలే. కానీ వాళ్లు అడిగింది సబ్జెక్టు ఎందుకు పోయిందని కాదు. తేదీ ఎందుకు తేడాగా ఉందని. పేజీన్నరలో దానికి జవాబు మాత్రం లేదు.

రెండోసారి రాసింది ఇది. ఆఫీసుకి ఎటూ ఇంగ్లీషులోనే పంపుతారు, విషయం అర్థం కావడానికి తెలుగులో ఇస్తున్నాను. వాక్యాల వరుస ఇలాగే ఉంచండి.

> నమస్తే,
>
> నా బీటెక్ పూర్తయిన తేదీ గురించి మీరు పంపిన మెయిల్‌కి ఇది జవాబు.
>
> వెరిఫికేషన్ ఫారంలో నేను మే 2018 అని రాశాను. యూనివర్సిటీ రికార్డు ప్రకారం నేను పాసైనది నవంబరు 2018. యూనివర్సిటీ చెప్పినదే సరైనది.
>
> చివరి సెమిస్టర్ పరీక్షలు ఏప్రిల్ 2018లో రాశాను. అంతకుముందు 3-1 సెమిస్టర్‌లో మిగిలిన ఒక సబ్జెక్టును నవంబరు 2018 సప్లిమెంటరీలో పాసయ్యాను. ఫారంలో క్లాసులు ముగిసిన నెలను రాశాను, పాసైన నెలను రాయాల్సింది. అది నా పొరపాటు.
>
> ఆధారంగా ప్రొవిజనల్ సర్టిఫికెట్, సప్లిమెంటరీ మెమో, కన్సాలిడేటెడ్ మెమో జతచేశాను. నా మొదటి ఉద్యోగం మార్చి 2019లో మొదలైంది కాబట్టి ఈ సవరణ వల్ల నా అనుభవం లెక్క మారదు.
>
> రికార్డులో పూర్తయిన తేదీని నవంబరు 2018గా సరిచేయవలసిందిగా కోరుతున్నాను. ఇంకేదైనా పత్రం కావాలంటే తెలియజేయండి.

రెండో పేరా చూడండి. నేను రాసింది, వాళ్లకు దొరికింది, ఏది సరైనది అనే మూడూ అందులోనే ఉన్నాయి. రిమార్కుల గడిలోకి వెళ్లేది ఆ పేరానే. "క్షమించండి" అని నాలుగుసార్లు రాయాల్సిన పని లేదు. "అది నా పొరపాటు" అన్న మూడు మాటలు చాలు. ఏజెన్సీని గానీ యూనివర్సిటీని గానీ తప్పుపట్టే మాట ఒక్కటి కూడా వద్దు. కోపంగా ఉంటే డ్రాఫ్ట్ సేవ్ చేసి, అన్నం తిని వచ్చి మళ్లీ చదవండి.

"యూనివర్సిటీ చెప్పినదే సరైనది" అనే వాక్యం రాయడానికి చాలామంది వెనకాడతారు. అది లేకపోతే మీరు ఇంకా మే అనే అంటున్నారేమో అన్న అనుమానం ఉండిపోయి, చెక్ మూయకుండా మళ్లీ మెయిల్ పెడతారు.

6. కాగితాలు జతచేయండి

మూడు చాలు. పదో తరగతి నుంచి ఉన్నవన్నీ పెడితే కావలసినది వాళ్లకు కనపడదు. ఫైలు పేరులోనే తేదీ ఉంచండి:

```
1_Provisional_Nov2018.pdf
2_SupplyMemo_3-1_Nov2018.pdf
3_ConsolidatedMemo.pdf
```

ఫోన్‌తో ఫొటో తీసినా ఫర్వాలేదు, నాలుగు మూలలూ కనిపించాలి. హాల్‌టికెట్ నంబరు చదవగలిగేలా ఉండాలి, ఏజెన్సీ పోల్చుకునేది దానితోనే. స్కాన్ మీద ఎర్ర గీతలు, బాణాలు, హైలైట్లు పెట్టొద్దు. పీడీఎఫ్‌లో దేన్నయినా మార్చినట్టు కనిపిస్తే అనుమానం రావడానికి అదే చాలు. నిజంగా మార్చితే అది ఫోర్జరీ, ఆ తర్వాత ఏ జవాబూ పనిచేయదు.

7. అదే మెయిల్‌కి, అందరికీ కలిపి రిప్లై ఇవ్వండి

కొత్త మెయిల్ మొదలుపెట్టకండి. పాత వరుసలోనే జవాబిస్తే కేసు నంబరు దానంతటదే ఉంటుంది. మొదటి మెయిల్‌లో ఏజెన్సీ ఐడీ ఉంటే అదీ ఉంచండి. పోర్టల్‌లో అప్‌లోడ్ చేయమన్నా మెయిల్ కూడా పెట్టండి. హెచ్‌ఆర్‌కి ఫోన్‌లో ఒక మాట, మెయిల్‌లో ఒక మాట చెప్పొద్దు. ఫోన్‌లో మాట్లాడితే ఆ తర్వాత "ఇందాక ఫోన్‌లో చెప్పినట్టు" అంటూ అదే విషయం రాసి పంపండి.

పంపేముందు పరీక్ష

మీ సంగతి ఏమీ తెలియని ఒకరికి డ్రాఫ్ట్ ఇచ్చి అర నిమిషం తర్వాత తీసేసుకోండి. ముందు ఏం రాశారు, సరైన తేదీ ఏది, ఎందుకు తేడా వచ్చింది అని అడగండి. మూడూ చెప్పగలిగితే పంపండి. "పాపం, డెంగ్యూ వచ్చిందంట కదా" అన్నారంటే మళ్లీ రాయాలి.

ఆ తర్వాత మెయిల్‌లోని ప్రతి నెలనూ జతచేసిన కాగితంతో వేలు పెట్టి సరిచూసుకోండి. సంజాయిషీలోనే కొత్త తేదీ తప్పు రాసినవాళ్లను చూశాను. అప్పుడు రెండోసారి ఒప్పించడం చాలా కష్టం.

యూనివర్సిటీ చెప్పిందే తప్పయితే

అరుదే గానీ జరుగుతుంది. హాల్‌టికెట్ నంబరులో ఒక అంకె తేడాతో ఇంకొకరి రికార్డు చూడటం, పాత రికార్డులు కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు నెల తప్పు పడటం లాంటివి. అప్పుడు "యూనివర్సిటీ పొరపాటు చేసింది" అని రాయకండి. "నా పీసీలో ఉన్న నెల, మీకు అందిన నెల వేరుగా ఉన్నాయి. పీసీ జతచేశాను, ఈ హాల్‌టికెట్ నంబరుతో మరోసారి సరిచూడగలరు" అని రాయండి. అదే రోజు ఎగ్జామినేషన్ బ్రాంచ్‌కి దరఖాస్తు పెట్టి, దాని రసీదు కాపీ హెచ్‌ఆర్‌కి పంపండి. సరిదిద్దిన జవాబు రావడానికి వారాలు పట్టొచ్చు కాబట్టి అదనపు గడువు కూడా ఇదే మెయిల్‌లో, ఫలానా తేదీ వరకు అని అడగండి.

పంపాక

రెండు పని దినాల్లో "అందింది" అన్న మాట రాకపోతే అదే వరుసలో ఒక్క లైను గుర్తుచేయండి. రోజూ చేయొద్దు. పని అయిందనడానికి గుర్తు, చెక్ మూసేశామని లేదా క్లియర్ అయిందని రాతపూర్వకంగా రావడం. "ఓకే, చూస్తాం" అన్న ఫోన్ మాటను లెక్కలో వేసుకుని పాత కంపెనీలో రాజీనామా ఇవ్వకండి. రిపోర్టులో మీ తేడా, చిన్న తేడాలకు పెట్టే పసుపు రంగులో మిగిలిపోయినా కొన్ని కంపెనీలు అలాగే తీసుకుంటాయి. మీది ఏ రంగులో ఉందని అడగడం కంటే, "నా వైపు నుంచి ఇంకేమైనా పెండింగ్ ఉందా" అని అడిగితే తిన్నగా జవాబు వస్తుంది.

ఈలోపు రెజ్యూమే, నౌక్రీ, లింక్డ్‌ఇన్‌లలో నెల మార్చేయండి. ఆ అమ్మాయి రెజ్యూమేలో 2014-2018 అని సంవత్సరాలే ఉన్నాయి, నవంబరు కూడా 2018లోనే కాబట్టి అక్కడ మార్చాల్సిన పని పడలేదు. లింక్డ్‌ఇన్‌లో మాత్రం మే అని ఉంది. అమెరికా గ్రీన్‌కార్డు ప్రాసెస్‌లో ఉన్నవాళ్లయితే సరిచేసిన తేదీని ముందు మీ లాయరుకి చెప్పండి. డిగ్రీ తర్వాతి అనుభవాన్ని ఎక్కడినుంచి లెక్కపెట్టాలన్న చోట పీసీ మీద ఇచ్చిన తేదీ అక్కరకొస్తుంది కాబట్టి పాసైన నెల, పీసీ తేదీ రెండూ విడివిడిగా చెప్పండి.

ఆ అమ్మాయికి నాలుగో రోజు ఒక లైను జవాబు వచ్చింది. సప్లీ మెమో రెండో వైపు స్కాన్ కూడా పంపమన్నారు. వెనక ఏమీ లేదు, ఖాళీ పేజీ. అయినా స్కాన్ తీసి పంపింది, చెక్ మూశారు.